220 రూపాయలకి బండి పోయింది: క్రెడిట్ కార్డు మూసే ముందు నేను తెలుసుకోవాల్సింది

గత నవంబర్‌లో విజయనగరంలో ఒక బైక్ షోరూమ్‌లో కూర్చున్నాను. డౌన్ పేమెంట్ రెడీ, హెల్మెట్ కూడా సెలెక్ట్ చేసేశాను. భోగాపురం నుంచి పొద్దున్నే ఆరింటి షిఫ్టుకి బస్సుని నమ్ముకుంటే అయ్యే పని కాదు, అందుకే బండి. ఫైనాన్స్ కుర్రాడు నా పాన్ నెంబర్ కొట్టాడు. రెండు నిమిషాలు స్క్రీన్ చూశాడు. తర్వాత లాప్‌టాప్ నా వైపు తిప్పి, "బాబూ, నీకు ఏదో క్రెడిట్ కార్డు బాకీ ఉంది. మూడు నెలల్నుంచి కట్టట్లేదని చూపిస్తోంది. ఇది క్లియర్ అయితే గానీ లోన్ పడదు" అన్నాడు.

నాకు ఉన్నది ఒక్కటే కార్డు. అది కూడా మే నెలలోనే ఫోన్ చేసి క్లోజ్ చేయించేశాను. కత్తెరతో నాలుగు ముక్కలు చేసి పారేశాను. ఇంటికొచ్చి చెబితే అమ్మ కూడా అదే అడిగింది: "కార్డు కత్తిరించి పడీసినావు కదరా, ఇంకేటి బాకీ?"

ప్లాస్టిక్ ముక్క పోయినంత మాత్రాన అకౌంట్ పోదు. ఈ సంగతి నాకు బండి పోయాక తెలిసింది. మీకు ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

220 రూపాయలు 2,579 ఎలా అయింది

నేను విశాఖలో ఒక కంపెనీలో రెండేళ్లు పనిచేశాను. ఆ జీతం అకౌంట్ చూపించి కార్డు తీసుకున్నాను. ప్రతి నెలా 12న బిల్లు తయారవుతుంది, తర్వాతి నెల మొదటి తారీఖులోపు కట్టాలి. మార్చి బిల్లు నేను పూర్తిగా కట్టలేదు, కొంత మిగిలింది. ఏప్రిల్ 12 బిల్లులో ఆ మిగిలిన మొత్తం, దాని మీద వడ్డీ కలిపి సుమారు 9,000 వచ్చింది. ఉద్యోగం మానేస్తున్నాను కదా అని ఏప్రిల్ 30న ఆ 9,000 మొత్తం కట్టేశాను. యాప్‌లో చూస్తే కట్టాల్సింది సున్నా. మే 2న కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కార్డు మూసేయమన్నాను. అవతల అమ్మాయి "రిక్వెస్ట్ తీసుకున్నాం సార్" అంది. నా మటుకు కథ అయిపోయింది.

కానీ అక్కడ ఒక మడత ఉంది. ఒక నెల పూర్తి బిల్లు కట్టకపోతే, కార్డు మీద వడ్డీ రోజు లెక్కన నడుస్తూ ఉంటుంది. ఏప్రిల్ 12న బిల్లు తయారైంది, నేను డబ్బు కట్టింది 30న. మధ్యలో 18 రోజులు. ఆ 18 రోజుల వడ్డీ ఏప్రిల్ బిల్లులో ఉండదు, ఎందుకంటే అప్పటికి ఆ రోజులు ఇంకా గడవలేదు. అది మే 12 బిల్లులో వస్తుంది. నా కార్డుకి వడ్డీ నెలకి 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం. 9,000 మీద 18 రోజులకి లెక్కేస్తే 186 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 34. మొత్తం 220.

యాప్‌లో సున్నా కనిపించడం అబద్ధమేమీ కాదు. అది అప్పటివరకు బిల్లులో ఎక్కిన బాకీ సున్నా అని చెప్పింది. బిల్లు కాని బాకీ లోపల తయారవుతూనే ఉంది.

ఆ 220 రూపాయల బిల్లు నాకు చేరలేదు. కార్డుకి ఇచ్చిన ఫోన్ నెంబర్ కంపెనీ సిమ్, మెయిల్ ఐడీ కంపెనీది. మానేసినప్పుడు రెండూ అప్పజెప్పేశాను. యాప్ అప్పటికే తీసేశాను.

మే, జూన్, జులై నెలల్లో ఆ 220 అలాగే పడుంది. 500 లోపు బాకీకి లేటు ఫీజు లేదని ఆ కార్డు ఛార్జీల పట్టికలో ఉంది కాబట్టి పెరగలేదు. ఆగస్టులో ఏడాది ఫీజు పడింది: 499, జీఎస్టీతో 589. ఇప్పుడు మొత్తం 809. 500 దాటింది కాబట్టి సెప్టెంబర్ నుంచి నెలనెలా లేటు ఫీజు 500, జీఎస్టీతో 590. సెప్టెంబర్‌లో 1,399, అక్టోబర్‌లో 1,989, నవంబర్‌లో 2,579. నేను కొన్నది ఏమీ లేదు. వాడింది ఏమీ లేదు. కట్టని 220 రూపాయలకి ఏడాది ఫీజు తోడై, దాని మీద లేటు ఫీజులు పడ్డాయి, అంతే.

ఇంతలో క్రెడిట్ బ్యూరోలకి కార్డు కంపెనీ రిపోర్ట్ పంపుతూనే ఉంది: ఇతను గడువు దాటి కట్టలేదు అని. షోరూమ్ కుర్రాడు చూసింది అదే.

"రెండొందల ఇరవై రూపాయలకి బండి పోనాదేటిరా?" అని అమ్మ మూడు రోజులు దెప్పింది.

ఫోన్ చేసి చెబితే చాలదా?

రూల్ ప్రకారం చాలు. రిజర్వ్ బ్యాంక్ కార్డుల కోసం ఇచ్చిన నియమాలు 2022 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కార్డు మూయమని ఫోన్‌లో చెప్పినా, మెయిల్ పెట్టినా, వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో నొక్కినా తీసుకోవాలి. పోస్టులోనే పంపాలి అని పట్టుబట్టకూడదు. బాకీ మొత్తం కట్టి ఉంటే 7 పనిదినాల్లో మూసేయాలి. మూశాక వెంటనే మెసేజ్ ద్వారానో మెయిల్ ద్వారానో చెప్పాలి. 7 పనిదినాలు దాటితే, ఆలస్యమైన ప్రతి రోజుకీ 500 రూపాయలు మనకే కట్టాలి.

ఇది చదివినప్పుడు నాకు భలే ఆశ పుట్టింది. మే నుంచి నవంబర్ దాకా రోజుకి 500! కొత్త బండి ఫ్రీగా వచ్చేలా ఉంది. కానీ ఆ వాక్యంలోనే ఒక షరతు ఉంది: అకౌంట్‌లో బాకీ ఏమీ ఉండకూడదు. నాకు 220 ఉంది. కాబట్టి గడియారం అసలు మొదలే కాలేదు.

ఇంకో సమస్య, నేను ఫోన్ చేశానని రుజువు లేదు. రిక్వెస్ట్ నెంబర్ అడగలేదు. కాల్ చేసిన సిమ్ నా దగ్గర లేదు. ఫోన్‌లో మూయించడం తప్పు కాదు, కానీ తారీఖు వేసి చూపించగలిగే కాగితం మన చేతిలో ఉండదు. అందుకే రాతపూర్వకంగా అడగడం. మెయిల్ కూడా రాతే.

ఇది నా ఒక్కడి కథ కాదు. మూయమన్న కార్డుకి తర్వాత కూడా బిల్లులు పంపి, క్రెడిట్ రికార్డు పాడు చేశారని ఢిల్లీలో ఒక మాజీ జర్నలిస్టు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లారు. 2023లో ఆయనకి 2 లక్షల పరిహారం ఇవ్వాలని తీర్పు వచ్చింది. అయితే ఆయన కార్డు మూయమన్నది 2016లో. ఏడేళ్లు. మనకి అంత ఓపిక ఉండదు కాబట్టి మొదటే సరిగా మూసుకోవడం మేలు.

ముందు ఆ పాత గొడవ తేల్చుకున్నాను

నవంబర్ 17న కార్డు కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టాను. అరుపులు, బెదిరింపులు లేకుండా మూడే విషయాలు రాశాను. ఒకటి, మే 2న ఫోన్‌లో కార్డు మూయమన్నాను, మీ కాల్ రికార్డు చూసుకోండి. రెండు, ఆ తర్వాత కార్డుతో ఒక్క రూపాయి వాడలేదు. మూడు, మూయమన్నాక వేసిన ఏడాది ఫీజు, దానివల్ల పడిన లేటు ఫీజులు తీసేయండి. 220 వడ్డీ నాది, అది కడతాను.

ఆ చివరి వాక్యం పనిచేసిందని నా నమ్మకం. న్యాయంగా మనం కట్టాల్సింది ఒప్పుకుని, కట్టక్కర్లేనిది విడిగా చూపిస్తే అవతలివాడికి కూడా తేల్చడం సులువు.

డిసెంబర్ 1న జవాబొచ్చింది. కాల్ రికార్డు దొరికిందట. బిల్లు కాని వడ్డీ ఉన్నందువల్ల ఆ రిక్వెస్ట్‌ని పక్కన పెట్టారట. ఆ సంగతి మెసేజ్ కూడా పంపారట, నా కంపెనీ సిమ్‌కి. ఫీజులన్నీ వెనక్కి తీసుకున్నారు. 2న నేను 220 కట్టాను. అదే మెయిల్లో కొత్త ఫోన్ నెంబర్, సొంత మెయిల్ ఐడీ మార్పించుకోవడానికి ఏం చేయాలో అడిగి, ఆ పని కూడా ముగించాను.

30 రోజులు గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. cms.rbi.org.in లో ఫిర్యాదు వేయాలి, ఫీజు లేదు. సందేహాలకి 14448 నెంబర్ ఉంది. కానీ ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి. అక్కడ కూడా మొదట అడిగేది ఆ కాగితమే.

మూసే ముందు చూసుకోవాల్సినవి

రెండోసారి మూసేటప్పుడు నేను తొందరపడలేదు. ముందు కార్డుకి తగిలించినవి విప్పాను. సినిమాల యాప్, ఫోన్ స్టోరేజ్, మొబైల్ రీఛార్జ్ ఆటో పేమెంట్లు ఏవైనా ఈ కార్డు మీద ఉంటే ఆపేయాలి. లేకపోతే మూసే రోజున 149 రూపాయలు పడి, మళ్లీ బాకీ మొదలవుతుంది.

కార్డు మీద ఈఎంఐలో ఫోన్ కొని ఉంటే అది పెద్ద చిక్కు. ఈ నెల వాయిదా కట్టినా, మిగిలిన వాయిదాలు బాకీ కిందే లెక్క. వాటిని ముందే తీర్చడానికి ఎంతవుతుందో అడగాలి. రిటర్న్ చేసిన వస్తువుల రీఫండ్ ఏదైనా రావాల్సి ఉంటే అది పడేదాకా ఆగడం మంచిది. మూశాక కార్డులో మన డబ్బు మిగిలితే మన బ్యాంకు అకౌంట్‌కి పంపాలని రూల్ ఉంది, కానీ దాని వెంటపడే పని మనదే అవుతుంది. రివార్డు పాయింట్లు కూడా ముందే వాడేయండి.

అన్నిటికంటే ముఖ్యం ఆ బిల్లు కాని వడ్డీ. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, కార్డు వాడడం ఆపి, బిల్లు మొత్తం కట్టి, తర్వాతి బిల్లు సున్నా వచ్చేదాకా ఆగడం. గత నెలల్లో ఎప్పుడైనా పూర్తి బిల్లు కట్టకుండా ఉంటే ఇదే భద్రం. రెండోది, "ఈ రోజు వరకు బిల్లు కాని వడ్డీ, పన్నులతో కలిపి మూయడానికి ఎంత కట్టాలి" అని రాసి అడిగి, వాళ్లు చెప్పిన అంకె కట్టడం. నేను ఈ రెండోది చేశాను, 220 తప్ప ఇంకేమీ లేదని మెయిల్లోనే రాయించుకున్నాను.

నేను రాసిన ఉత్తరం

డిసెంబర్ 3, బుధవారం, రిజిస్టర్ అయిన నా సొంత మెయిల్ నుంచి పంపాను. కాల్ సెంటర్ ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉంది కాబట్టి ఇంగ్లీషులో రాశాను. దాని సారం ఇది:

"విషయం: క్రెడిట్ కార్డు అకౌంట్ మూసివేత, నో డ్యూస్ ధ్రువీకరణ కోసం అభ్యర్థన.

నా పేరు మీద ఉన్న, చివరి నాలుగు అంకెలు ఫలానా అయిన క్రెడిట్ కార్డు అకౌంట్‌ని శాశ్వతంగా మూసేయవలసిందిగా కోరుతున్నాను. మీరు తెలిపిన పూర్తి బకాయి 220 రూపాయలు డిసెంబర్ 2న చెల్లించాను. రసీదు జత చేశాను. ఈ కార్డు మీద ఉన్న ఆటో పేమెంట్లన్నీ రద్దు చేయండి. ఇకపై ఎలాంటి ఫీజులూ వేయవద్దు.

ఈ అభ్యర్థన అందినట్టు రిఫరెన్స్ నెంబర్ ఇవ్వండి. అకౌంట్ మూసిన తర్వాత, మూసిన తేదీ, బకాయి ఏమీ లేదు అన్న మాట స్పష్టంగా ఉన్న నో డ్యూస్ లెటర్ పంపండి. క్రెడిట్ బ్యూరోలకి ఈ వివరాలు అప్‌డేట్ చేయండి."

ఇంతే. ఎందుకు మూస్తున్నారో చెప్పాల్సిన పని లేదు. ఎవరైనా ఫోన్ చేసి "సార్, ఏడాది ఫీజు తీసేస్తాం, ఉంచుకోండి" అంటే, అక్కర్లేకపోతే వద్దని ఒక్క ముక్కలో చెప్పండి. "సరే ఆలోచిస్తా" అన్నారంటే రిక్వెస్ట్ వెనక్కి తీసుకున్నట్టు రాసుకునే అవకాశం ఉంది. ఆ ఫోన్ తర్వాత "నా మూసివేత అభ్యర్థన అలాగే ఉంది" అని ఒక లైన్ మెయిల్ పెట్టేస్తే గొడవ ఉండదు.

ఒక జాగ్రత్త: మెయిల్లో పూర్తి కార్డు నెంబర్, వెనకాల ఉండే మూడంకెలు, ఓటీపీ ఎప్పుడూ రాయకూడదు. కార్డు మూయడానికి ఎవరికీ ఓటీపీ చదివి వినిపించొద్దు. మెయిల్ ఐడీ గూగుల్‌లో వెతికి పట్టుకోవద్దు. బిల్లు మీద, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్నదే వాడండి. కస్టమర్ కేర్ పేరుతో దొంగ నెంబర్లు చాలానే ఉన్నాయి.

ఇక 7 పనిదినాల లెక్క. 3న పంపాను కాబట్టి గురువారం 4 మొదటి రోజు. 5, 6 కలిపితే మూడు. 6 మొదటి శనివారం, బ్యాంకులు పనిచేస్తాయి. 7 ఆదివారం లెక్కలోకి రాదు. 8, 9, 10, 11 కలిపితే ఏడు. అంటే డిసెంబర్ 11 గడువు. ఫోన్ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాను. 9నే మెసేజ్ వచ్చింది: మీ కార్డు అకౌంట్ మూసేశాం.

ఆ మెసేజ్, నో డ్యూస్ లెటర్ ఒకటి కాదు

చాలామంది ఆ మెసేజ్ దగ్గరే ఆగిపోతారు. నేను ఆగలేదు. మెసేజ్‌లో మూశాం అని మాత్రమే ఉంది, బాకీ లేదు అని లేదు. అది కూడా ఫోన్ మారితే పోయే వస్తువు. అదే రిఫరెన్స్ నెంబర్ పెట్టి నో డ్యూస్ లెటర్ గుర్తుచేశాను. డిసెంబర్ 16న పీడీఎఫ్ వచ్చింది.

వచ్చాక ఐదు నిమిషాలు కూర్చుని చదవండి. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉందా, మీ పేరు సరిగ్గా ఉందా, కార్డు చివరి అంకెలు ఉన్నాయా, మూసిన తేదీ ఉందా, బకాయి ఏమీ లేదు అని తేటగా రాశారా. వీటిలో ఏది లేకపోయినా తిరిగి పంపి సరిచేయించండి.

ఒక మాట మీద ప్రత్యేకంగా కన్నేయాలి. బాకీ పెరిగిపోయిన వాళ్లకి వసూలు ఏజెంట్లు ఫోన్ చేసి "పది వేలకి ఆరు వేలు కట్టు, సెటిల్ చేసేద్దాం" అంటారు. కట్టగానే అదీ ఒక లెటర్ ఇస్తారు. కానీ అది సెటిల్‌మెంట్ లెటర్, నో డ్యూస్ కాదు. రిపోర్టులో Closed బదులు Settled అని పడుతుంది. తర్వాత లోన్ ఇచ్చేవాడు దాన్ని చూసి, ఇతను పూర్తిగా కట్టలేదు అనే అర్థం చేసుకుంటాడు. మిగతాది కట్టే శక్తి ఉంటే కట్టి, నో డ్యూస్ తీసుకోవడమే మంచిది.

ఆఖరి మెట్టు: క్రెడిట్ రిపోర్టు

మన దేశంలో నాలుగు క్రెడిట్ బ్యూరోలు ఉన్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ప్రతి ఒక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. వాటి సొంత వెబ్‌సైట్‌లో తీసుకోండి, స్కోరు చూపిస్తామనే లోన్ యాప్‌లలో కాదు.

కార్డు మూసిన సంగతిని కంపెనీ 30 రోజుల్లో బ్యూరోలకి చెప్పాలి. నేను జనవరి మధ్యలో చూశాను. కార్డు ఎదురుగా Closed అని, బాకీ సున్నా అని ఉంది. బాగానే ఉంది. కానీ సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఆలస్యం గుర్తులు అలాగే ఉన్నాయి. కంపెనీ వెనక్కి తీసుకున్న ఫీజుల మీద ఆలస్యం ఎలా ఉంటుంది? బ్యూరో సైట్‌లో Dispute వేసి, డిసెంబర్ 1 నాటి జవాబు, నో డ్యూస్ లెటర్ రెండూ కార్డు కంపెనీకి కూడా పంపాను.

ఇక్కడ కూడా ఒక రూల్ మన వైపు ఉంది. 2023 అక్టోబర్ 26న రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఇలాంటి ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే ఆ పైన రోజుకి 100 రూపాయలు పరిహారం కట్టాలి. 2024 ఏప్రిల్ 26 నుంచి అది అమల్లో ఉంది. నాకు అంతదాకా రాలేదు, రెండు వారాల్లో గుర్తులు పోయాయి. ఒకటి గుర్తుంచుకోండి: నిజంగా మనమే ఆలస్యంగా కట్టిన నెలల్ని ఏ ఉత్తరమూ చెరపదు. తప్పుగా పడినవే పోతాయి.

మరి జీతం అకౌంట్ సంగతి?

కార్డుతో పాటు ఆ కంపెనీ జీతం అకౌంట్ కూడా నాకు మిగిలిపోయింది. జీతం పడడం ఆగిన కొన్ని నెలలకి బ్యాంకు దాన్ని మామూలు సేవింగ్స్ అకౌంట్‌గా మార్చేస్తుంది. అప్పటిదాకా జీరో బ్యాలెన్స్, ఆ తర్వాత మినిమమ్ బ్యాలెన్స్ రూల్ ఉంటే అది వర్తిస్తుంది. నా దాంట్లో ఉన్న కొన్ని వందలూ అలాగే కరిగిపోయాయి. ఒక ఊరట ఏమిటంటే, మినిమమ్ బ్యాలెన్స్ ఛార్జీల వల్ల సేవింగ్స్ అకౌంట్ మైనస్‌లోకి పోకూడదని 2015 ఏప్రిల్ 1 నుంచి రూల్ ఉంది. ఎవరైనా "మైనస్ ఉంది, కడితేనే మూస్తాం" అంటే ఆ మైనస్ దేనికి పడిందో రాసి ఇవ్వమనండి.

బ్యాంకు అకౌంట్‌కి బ్రాంచికి వెళ్లడమే తేలిక. మూసివేత ఫారం, మిగిలిన చెక్కులు, డెబిట్ కార్డు, పాస్‌బుక్ ఉంటే అది, ఆధార్, పాన్ కాపీలు. మిగిలిన డబ్బు ఏ అకౌంట్‌కి పంపాలో ఫారంలో రాయాలి. వేరే ఊరి బ్రాంచి అయితే దగ్గర బ్రాంచిలో తీసుకుంటారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఫారం రెండు కాపీలు పట్టుకెళ్లి, ఒకదాని మీద తారీఖుతో స్టాంపు, సంతకం వేయించుకోండి. కౌంటర్లో "పెట్టేసి వెళ్లండి, చూస్తాం" అంటే నవ్వుతూనే నిలబడండి. ఆ స్టాంపే మీ రుజువు.

దీనికి ముందు ఒక్కటి చూసుకోవాలి. ప్రభుత్వ పథకాల డబ్బు, గ్యాస్ సబ్సిడీ మన ఆధార్‌కి చివరగా లింకు చేసిన అకౌంట్‌కే పోతాయి. ఆ లింకు పాత అకౌంట్ మీదే ఉంటే, మూసేశాక ఆ డబ్బు తిరిగెళ్లిపోతుంది. పీఎఫ్‌లో ఉన్న అకౌంట్ నెంబర్ కూడా అదే అయితే మార్చుకోవాలి. వీటిని కొత్త అకౌంట్‌కి తిప్పాక మూసేయండి. మూశాక, చివరి లైన్‌లో సున్నా, మూసిన తేదీ ఉన్న స్టేట్‌మెంట్ అడిగి తీసుకోండి. అప్పు అకౌంట్ కాకపోయినా, నో డ్యూస్ లాంటి కాగితం ఇక్కడ అదే.

జనవరి ఆఖర్లో అదే షోరూమ్‌కి మళ్లీ వెళ్లాను. అదే కుర్రాడు, అదే లాప్‌టాప్. ఈసారి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. సాయంత్రం హైవే మీద భోగాపురం దాకా నా బండి మీదే వచ్చాను.

ఆ నో డ్యూస్ లెటర్ ప్రింటు తీసి ఇంటి పట్టా కాగితాలున్న ప్లాస్టిక్ కవర్లో పెడుతుంటే అమ్మ చూసింది. "ఏటిరా అది, భూమి కాగితమా?" అంది. కాదమ్మా, 220 రూపాయల కాగితం అన్నాను. "మరి జాగర్తగా దాయి" అంది.